అగ్గిపుల్ల పక్కన పెట్టు

ఇరవై రెండేళ్ళుగా పప్పుల మిల్లులో చేట పట్టుకుని కూర్చున్న మనిషిని. కళ్ళకు గంతలు కట్టి గుప్పెట్లో గింజలు పోసినా ఏ పప్పో చెప్పేస్తాను. ఇది గొప్పలు పోవడమని ఎవరైనా అంటే అననివ్వండి, నాకేం నొప్పి లేదు.

నొప్పల్లా ఛాతీలోనే. పొట్టు దుమ్ము పీల్చి పీల్చి దగ్గు పట్టుకుంది. మూడు వారాల క్రితం డాక్టరమ్మ చెవి గొట్టం తీసి బల్ల మీద పెట్టి, "ఇంక ఆ దుమ్ములో కూర్చోవద్దు. నెల తిరిగేలోగా మానెయ్యండి" అంది. ఆ మాట మా కోడలికి ఒక్కదానికే చెప్పాను. మిల్లులో తెలిస్తే ఆ రోజే ఇంటికి పొమ్మంటారు. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవడం నా వల్ల అయ్యే పని కాదు.

సరిగ్గా అప్పుడే మా మిల్లు గ్రేడరు ఉద్యోగం మానేశాడు. గ్రేడరు గదికి అద్దాల తలుపు ఉంటుంది, దుమ్ము గడప దాటదు. లోపల ఒక కుర్చీ. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు అవుననాలి, అప్పుడే సరుకు లోపలికి వస్తుంది. ఇదివరకు సంచిలో నమూనా వచ్చేది. ఇప్పుడలా కాదు, అమ్మేవాడి గోదాములోనే మన డ్రైవరు సరుకు ఫొటో తీసి పంపిస్తాడు. గ్రేడరు చూసి సరేనంటేనే లారీకి ఎక్కిస్తారు. "ఫొటో చూసి గింజ చెప్పగలిగినవాళ్ళకే కుర్చీ. సోమవారం పరీక్ష" అని మిల్లు నడిపే మేడమ్ ప్రకటించింది.

వెంటనే వెళ్ళి పేరిచ్చాను. నాతో పాటు పేరిచ్చింది ఒక్కడే, మేనేజరు మేనల్లుడు. నలగని చొక్కా వేసుకుంటాడని మేమంతా అతణ్ణి ఇస్త్రీ అంటాం. పిల్లాడు మంచివాడే, తెలివైనవాడు కూడా. అదే నా బాధ.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి, "కుర్చీ నాదే అనుకో" అన్నాను కోడలితో.

కోడలు వంటింట్లోకి పోయి, ఫోనుతో ఏదో ఫొటో తీసుకొచ్చి నా ముక్కు కింద పెట్టింది. "ఇవేంటో చెప్పండి అత్తయ్యా."

గోధుమరంగులో గుండ్రటి గింజలు. "కందులు. చిన్నపిల్లలు కూడా చెప్తారు."

"మసూర్లు."

"నీ మొహం!"

డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. పొట్టు తీయని మసూర్లే. చేత్తో ముట్టుకోగానే తెలిసింది, బిళ్ళల్లా పలచగా ఉన్నాయి. ఫొటోలో మాత్రం కందుల్లా బొద్దుగా కనిపించాయి. ఇరవై రెండేళ్ళ అనుభవం ఉన్నదాన్ని, పప్పులో కాలేశాను. మొహం మాడిపోయింది. పైగా కోడలు నవ్వు ఆపుకోవడానికి చెంగు నోట్లో కుక్కుకుంది.

"పైనుంచి తీస్తే బిళ్ళ కూడా గుండ్రంగానే కనిపిస్తుంది అత్తయ్యా. పక్కకి తిరిగి పడుకున్న గింజని వెతకండి, దాని అంచు చూడండి. ఇంకోటి, దగ్గర్నుంచి తీస్తే ఆవగింజైనా శనగంత అవుద్ది. పక్కన అగ్గిపుల్ల ఉంటేనే సైజు తెలిసేది."

కోడలు ఒకప్పుడు ఫొటో స్టూడియోలో పనిచేసింది. ఆ సంగతి నాకు గుర్తే లేదు. నిజం చెప్పాలంటే ఎప్పుడూ పట్టించుకోలేదు.

ఆదివారం దాకా ఇంట్లో ఇదే గోల. అన్నం తింటుంటే ఫొటో, బట్టలు ఆరేస్తుంటే ఫొటో. మొదట్లో ప్రతిదాని పక్కనా అగ్గిపుల్ల పెట్టేది, తర్వాత తీసేసింది. తప్పు చెప్తే ఆ పూట గిన్నెలు నేనే తోమాలి. అత్తగారి చేత గిన్నెలు తోమించే కోడలు, వినడానికైనా బావుందా? ఆదివారం రాత్రి మాత్రం ఒక్క గిన్నె కూడా తోమలేదు నేను.

సోమవారం పొద్దున మేడమ్ గదిలో నేనూ ఇస్త్రీ పక్కపక్కన కూర్చున్నాం. ఎదురుగా పెద్ద స్క్రీను. ఫొటో చూసి కాగితం మీద రాసి చూపించాలి. అరచేతులు చెమటలు పట్టాయి. అయినా ఒట్టేసి చెప్తున్నాను, భయం కాదు, హుషారు! చిన్నప్పుడు పరుగుపందెంలో గీత దగ్గర నిలబడ్డప్పుడు ఇలాగే ఉండేది.

మొదటి ఫొటో, పసుపుపచ్చటి బద్దలు. దళసరిగా, గరుగ్గా, ఒక కొసన చిన్న ముక్కుతో ఉన్నాయి. కందిపప్పైతే పలచగా, నున్నగా ఉండేది. ఇద్దరం శనగపప్పనే రాశాం. రైటు.

రెండోదీ పసుపే. ఇస్త్రీ మళ్ళీ శనగపప్పని రాశాడు. నేను అంచులు చూశాను. ముక్కు లేదు, ముడత లేదు, చిన్న గోలీని సగానికి కోసినట్టు నున్నగా ఉన్నాయి. బఠాణీ బద్దలని రాశాను. మేడమ్ నా వైపు తల ఊపింది. నాకు కొమ్ములు మొలిచాయి.

ఆ కొమ్ములే నా కొంప ముంచాయి. మూడో ఫొటోలో లేత పసుపు బద్దలు కనబడగానే, అంచూ చూడలేదు, సైజూ ఆలోచించలేదు, కందిపప్పని గీకేశాను. ఇస్త్రీ మసూర్ పప్పని రాశాడు. అతనిదే రైటు. ఎర్రగా ఉండాల్సిన పప్పు, వెలుతురు ఎక్కువై ఫొటోలో రంగు వెలిసిపోయింది.

"రంగు చూసి మోసపోయావమ్మా" అంది మేడమ్. వంటింట్లో కోడలు తిట్టే తిట్లు అక్కడికే వినిపించాయి నాకు.

నాలుగోది ఆకుపచ్చ గింజలు. ఒక పక్క సన్నటి తెల్ల గీత, కొంచెం పొడుగు. బఠాణీలైతే బంతుల్లా ఉండేవి. ఇద్దరం పెసలే అన్నాం. ఐదోది నల్ల బద్దలు, కోసిన వైపు తెలుపు. పొట్టు మినపప్పని ఇద్దరమూ రాశాం. ఐదింట్లో ఇద్దరికీ నాలుగేసి. సమానం!

ఆరో ఫొటో కోసం మేడమ్ వెతుకుతుండగా ఆమె ఫోను మోగింది.

"మేడమ్, పెసరపప్పు లోడు దగ్గరున్నా" అన్నాడు డ్రైవరు. స్పీకర్లో లారీల హారన్లు గోలగోలగా వినిపిస్తున్నాయి. "ఫొటో పంపించా. వెనక ఇంకో లారీ ఉంది, పక్కకి తియ్యమని తిడుతున్నారు. ఎక్కించమంటారా వద్దా? పది నిమిషాల్లో చెప్పండి."

మేడమ్ ఆ ఫొటోని స్క్రీను మీదికి తెచ్చింది. మా ఇద్దరి వైపూ చూసింది. "ఇదే ఆఖరిది. దీనికి జవాబు నాకూ తెలీదు. నోటితోనే చెప్పండి."

సంచి మూతి దగ్గర తీసిన ఫొటో. కాస్త పొడుగుగా ఉన్న బద్దలు, లేత పసుపు రంగు. పక్కన సంచి మీద డ్రైవరు రసీదు.

"పెసరపప్పే" అన్నాడు ఇస్త్రీ, ఊపిరి తీసుకునేలోపు. "ఎక్కించమనొచ్చు."

నా నాలుక చివరా అదే మాట ఉంది. మింగేశాను. రంగుతో ఇందాకే ఒకసారి మొట్టికాయ తిన్నాను, రెండోసారి నా దగ్గర దాని పప్పులుడకవు. రంగు వదిలేసి మిగతావి చూడసాగాను. రసీదు మీద చూపు ఆగింది.

మా రసీదు పుస్తకం తెల్లది. ఇరవై రెండేళ్ళలో ఇంకో రంగు కాగితం చూడలేదు. ఫొటోలో అది కూడా పసుపుగానే ఉంది!

"మేడమ్, ఆ కాగితం చూడండి" అన్నాను. "తెల్ల కాగితమే అంత పసుపుగా ఉంటే, ఆ గోదాములో పసుపు బల్బు వెలుగుతోందన్నమాట. అప్పుడు తెల్లపప్పు కూడా పసుపుగానే కనిపిస్తుంది. ఇంకొంచెం దగ్గరికి తెండి."

మేడమ్ పెద్దది చేసింది. నేను కుర్చీలోంచి లేచి స్క్రీనుకి ముక్కు ఆనించినంత పని చేశాను. వందల బద్దలు, అన్నీ శుభ్రంగా తోమినట్టున్నాయి. వెతుకుతున్నాను, వెతుకుతున్నాను. మరలో ఎంత తోలు తీసినా ఎక్కడో ఒక బద్దకి పొట్టు అంటుకుని మిగలాల్సిందే. అదిగో! ఒక బద్ద అంచున గోరంత మరక. ఇంకోదానికి కూడా. నల్లగా.

"పెసలకి పొట్టు ఆకుపచ్చగా ఉంటుంది. ఇది నలుపు. మినపప్పు ఇది! పొట్టు తీసి గుండు చేసిన మినపప్పు!" అరిచేశాను.

"అది మట్టి కావచ్చు, నీడ కావచ్చు" అన్నాడు ఇస్త్రీ. నీడకీ నలుపుకీ తేడా తెలియనట్టు మాట్లాడతాడేమిటి అని ఒళ్ళు మండింది. అడిగింది న్యాయమైన మాటే, అందుకే ఇంకా మండింది.

"ఏమంటావు?" అంది మేడమ్. "అది పెసరపప్పే అయ్యుండి వద్దంటే లోడు పోతుంది. మినపప్పై ఉండి ఎక్కిస్తే పెసరపప్పు కొట్లో కలిసి సరుకంతా పాడవుతుంది."

దగ్గొస్తోంది, ఆపుకున్నాను. "మినపప్పే. ఫొటో మళ్ళీ తీయించండి, కానీ నా మాట ముందే చెప్తున్నా, తర్వాత మార్చను."

మేడమ్ ఫోను నా ముందుకి తోసింది.

"అన్నా, నీ దగ్గర అగ్గిపెట్టె ఉందా?"

"ఎందుకు లేదు. ఇక్కడ కాల్చకూడదంట గానీ."

"కాల్చొద్దు. గుప్పెడు పప్పు పట్టుకుని ఎండలోకి రా. రసీదు వెనక వైపు పల్చగా పరుచు. పక్కన ఒక అగ్గిపుల్ల పెట్టు. అప్పుడు తియ్యి."

అవతల ఎవరో తిట్టడం, లారీ తలుపు దబ్బుమనడం వినిపించాయి. ఆ రెండు నిమిషాలు ఎలా గడిచాయో ఆ దేవుడికే తెలియాలి. ఇస్త్రీ కూడా గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

టింగుమంది.

తెల్ల కాగితం, ఈసారి నిజంగా తెల్లగా. దాని మీద అగ్గిపుల్ల. పక్కన పాలమీగడ రంగు బద్దలు, పెసరపప్పు కంటే బొద్దుగా ఉన్నాయి. మధ్యలో ఒకదానికి నల్లటి పొట్టు, ఫొటోలోనే గోకి తీయాలనిపించేంత స్పష్టంగా.

"మినపప్పే" అన్నాడు ఇస్త్రీ, అందరికంటే ముందు.

మేడమ్ ఫోనులో, "ఎక్కించకు. సంచులు తారుమారు చేశారని వాళ్ళకి చెప్పు" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "ఎవరు నేర్పారమ్మా ఈ అగ్గిపుల్ల సంగతి?"

"మా కోడలు" అన్నాను. ఆ మాట అంత గర్వంగా ఇదివరకెప్పుడూ అనలేదు. ఆపుకున్న దగ్గు అప్పుడు వచ్చింది, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా. మేడమ్ లేచి అద్దాల గది తలుపు తానే తీసి పట్టుకుంది. "లోపలికి వెళ్ళు. ఆ దగ్గు నాకు వినపడట్లేదనుకున్నావా ఇన్నాళ్ళూ?"

గదిలో దుమ్ము వాసన లేదు. నిండుగా ఊపిరి పీల్చాను. ఎన్నాళ్ళయిందో. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

కళ్ళు తుడుచుకుని, ఖాళీ కుర్చీని ఫొటో తీసి కోడలికి పంపించాను. చూసి ఎగిరి గంతేస్తుందనుకుంటే, రెండు ముక్కలు రాసి పంపింది.

"పక్కన అగ్గిపుల్ల ఏది అత్తయ్యా? ఎంత పెద్ద కుర్చీయో నాకెలా తెలుస్తుంది?"

ఇస్త్రీని పిలిచి ఫోను చేతిలో పెట్టాను. పోయి కుర్చీలో కూర్చున్నాను, వీపు ఆనించి, దర్జాగా.

"ఇప్పుడు తియ్యి నాయనా" అన్నాను. "కొలతకి నేనున్నాగా."