తలుపులో లేని మనిషి

మధులతకు కొన్నేళ్ళుగా ఒక చెడ్డ అలవాటు. కర్నూలు పాతబస్తీలో ఆమె నడిపే స్టూడియోకు ఎవరి పెళ్ళి వీడియో వచ్చినా, ముందు సాఫ్ట్‌వేర్‌లో ‘ముఖాల మెరుగు’ అనే గడిలో టిక్కు పెట్టేస్తుంది. పెట్టకపోతే అవ్వలు ఊరుకోరు. మా ముఖం నల్లగా వచ్చిందని ఒకరు, మా మనవరాలి ముక్కుపుడక కనపడలేదని ఇంకొకరు గొడవకు దిగుతారు. అందుకని చెయ్యి దానంతటదే ఆ గడి మీదికి పోతుంది. ఆ టిక్కే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

మధ్యాహ్నం సుధీర్ వచ్చి కౌంటరు ముందు కూర్చున్నాడు. కోయిలకుంట్ల దగ్గర వంద ఎకరాల ఇంటివాడు. పోయినేడు చెల్లెలి పెళ్ళినాడే అతని నాయన మేడ మీదినుంచి పడి చచ్చిపోయాడు. సంవత్సరీకానికి నాయనను కొత్త పెద్ద టీవీలో చూసుకోవాలని ఆ పెళ్ళి వీడియోను హెచ్‌డీఆర్, అంటే వెలుగునీడలు ఇంకా మెరిసేట్టు, చేసిమ్మన్నాడు. ఆమె చేసి ఇచ్చింది. బంగారం మెరిసింది, దీపాలు వెలిగాయి, ఇంట్లోవాళ్ళు ఏడ్చారు. అంతవరకూ బాగానే ఉంది.

సుధీర్ పెన్‌డ్రైవ్ ముందుకు తోశాడు. నాయన పడిన కేక వినబడడానికి పది సెకన్ల ముందు ఆపమన్నాడు. లోపలి హాలు, పక్కన భోజనాల వసారా, ఎదురుగా మేడమెట్ల పైన తెరిచిన తలుపు, దాని వెనక ఎండ. మామిడాకుల తోరణం కింద, ఆ వెలుగులో, మీసమున్న ముఖం ఒకటి నిలబడి ఉంది.

"ఈడ్ని పెద్దగా ప్రింటు తియ్యి మా. వీడు ఎమ్మిగనూరు కాశన్న. మా చెల్లెలి చీర నేసినోడు. మా నాయన్ని మేడ మీదినుంచి తోసింది వీడే."

కాశన్న పేరు చెప్పగానే మధులతకు తాను వీడియో తీసిన ఆ పెళ్ళిరోజు గుర్తుకొచ్చింది. చీర రంగు చెప్పినట్టు రాలేదని సుధీర్ వాళ్ళ నాయన పదిమందిలో చీరను విసిరి కొట్టాడు. కాశన్న దాన్ని ఎత్తుకుని, మెడలోని ఎర్ర అంచు తువ్వాలతో దుమ్ము దులిపి, మడతపెట్టి తన మూటలో పెట్టుకుని ఒక్క మాటా అనకుండా పక్కకు పోయాడు. పగ పెట్టుకున్నాడని ఆ ఇంట్లో అప్పుడే అనుకున్నారు. ఇప్పుడు ముఖమే దొరికింది.

"మీరు ఆయన్ని అడిగినారా అన్నా?"

"మా చిన్నాయన సుబ్బయ్య పొద్దున్నే ఎమ్మిగనూరికి పోయినాడు. నలుగుర్ని తీసుకోని. ఫోనులో ఫోటో ఉండాదిలే."

ఆ ముఖాన్ని ఆమె గుర్తుపట్టింది. కాశన్న అని కాదు, ఎవరూ కాదని గుర్తుపట్టింది. ఆ తలుపును ఎడిటింగు నాడే చూసింది, తెల్లటి తెలుపు తప్ప అందులో ఏమీ లేదు. నిజం చెబితే తన స్టూడియో గతి ఏమవుతుందో, ఈ మనిషి కోపం ఎటు తిరుగుతుందో ఆమెకు తెలుసు. చెప్పకపోతే ఎమ్మిగనూరులో ఏం జరుగుతుందో కూడా తెలుసు. పైకి మాత్రం ప్రింటరులో కాగితం పెడుతున్నట్టు నటించింది.

చివరికి, అన్నా, ఆ ముఖం నా మిషన్ కల్పించింది, అని చెప్పేసింది.

సుధీర్ నమ్మలేదు. కల్పిస్తే మీసం యాడినుంచి వచ్చిందని అడిగాడు. ఆమె టిక్కు తీసేసి ఆ ముక్కను మళ్ళీ మార్చి చూపించింది. తలుపు మునుపటికన్నా కాంతిగా వెలిగింది గానీ ముఖం లేదు. చూస్తూ చూస్తూ చెరిపేసినావు, కాశన్న వాళ్ళు నీకు ఏమన్నా ఇచ్చినారా అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచకపోవడానికే ఆమెకు ఎక్కువ భయమేసింది. గది తలుపు అతని వీపు వెనక ఉంది.

ఇక మాటలతో లాభం లేదనిపించింది. హార్డ్‌డిస్క్‌లోంచి కెమెరా తీసిన అసలు ఫైలు తెరిచింది, ఏ మెరుగూ తగలనిది. అందులో అదే క్షణం దగ్గర ఆపి, మౌస్ అతని చేతిలో పెట్టింది. నేను ముట్టను, మీరే వెలుగు తగ్గించండి అంది.

అతను తగ్గించాడు. తలుపు తెల్లదనం పోయి బూడిద రంగుకు దిగింది. ఇంకా తగ్గించాడు. అంచు నుంచి అంచుదాకా ఒకే బూడిద, సున్నం కొట్టిన గోడ లాగ. తోరణం ఆకులు మాత్రం నల్లగా వేలాడుతున్నాయి. ముఖం లేదు, మీసం లేదు.

"కెమెరా ఆ వెలుగును పట్టలేకపోయింది అన్నా. అక్కడున్న చుక్కలన్నిటికీ ఒకే అంకె రాసుకునింది. అక్కడ ఏముండిందో ఆ నిమిషమే పోయింది, ఎవరూ తిరిగి తేలేరు. మీకిచ్చిన హెచ్‌డీఆర్‌లో దీపాలు, బంగారం మెరిసేది కూడా అక్కడ ఇంత వెలుగు ఉండొచ్చని మిషన్ వేసిన అంచనానే. కంటికి బాగుంటుంది, సాక్ష్యానికి పనికిరాదు. ఆకుల్ని జుట్టనుకుని, కింద ముఖం ఉండాలని, అది నేర్చుకున్న వేల ముఖాలు కలిపి మీసంతో సహా అదే అతికించింది."

ఆమె చీకటిగా ఉన్న వసారా మూలను చూపించి, ఇప్పుడు వెలుగు పెంచండి అంది. ఎందుకని సుధీర్ అడిగాడు. చీకట్లో మాత్రం కెమెరా రాసుకున్న తేడాలు కొంచెం మిగిలే ఉంటాయి, అది అబద్ధం కాదు, టిక్కు లేకుండానే కనబడుతుంది అని చెప్పింది. ఏం కనబడుతుందో ఆమెకూ తెలియదు. ఆ మూలను ఎప్పుడూ ఎవరూ చూడలేదు.

అతను పెంచుతూ పోయాడు. తలుపు మండిపోయింది. వసారాలో గరుకు గరుకు చుక్కల నడుమ భోజనాల బంతి మెల్లగా తేలింది. నీళ్ళు పోసే మనిషి, విస్తళ్ళు, వరుసగా కూర్చున్నవాళ్ళు. చివరి విస్తరి ముందు చీరల మూట ఒళ్ళో పెట్టుకుని ఒక మనిషి తింటున్నాడు. మనిషి మీద చుక్కలు ముసురుకున్నా, మెడలో కాశన్న ఎప్పుడూ వేసుకునే ఎర్ర అంచు తువ్వాలు, ఎడమచేత్తో పొదివిపట్టుకున్న ఆ మూట తెలిసిపోతున్నాయి. తల వంచుకుని అన్నం కలుపుకుంటున్నాడు. సరిగ్గా అదే క్షణంలో.

సుధీర్ చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది. తరువాత గబగబా ఫోను తీశాడు. రింగు పోతూనే ఉంది. మధులత లోలోపల లెక్కలేనన్ని మొక్కులు మొక్కింది. ఆరోసారికి సుబ్బయ్య ఎత్తాడు. సుధీర్ స్పీకరు పెట్టాడు.

"చిన్నాయనా, వాడు కాదు. వాన్ని ముట్టొద్దు."

అటు నుంచి సుబ్బయ్య తాపీగా నవ్వాడు. "ఎందుకు కాదు రా? వాడే ఒప్పుకున్యాడు."

మధులత సుధీర్ చేతిలోంచి ఫోను లాక్కుంది. ఎట్ల లాక్కుందో ఆమెకే తెలియదు. కాశన్నకు ఇమ్మని అడిగింది. చాలాసేపు మగ్గం గదిలో మనుషులు కదిలే చప్పుడు వినబడింది.

"నేనే అమ్మా," అన్నాడు కాశన్న. "బంతిలో కూర్చున్నట్టే నాకు గుర్తుండాది. మెట్లెక్కింది గుర్తు లేదు. కానీ ఫోటోలో నా ముఖమే కదా ఉండేది. ఫోటో అబద్ధం చెప్తాదా? నేనే మర్చిపోయినానేమో."

మధులతకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తన చెయ్యి పెట్టిన టిక్కు ఆ మనిషి జ్ఞాపకాన్నే చెరిపేసింది.

"కాశన్నా, నీకు గుర్తున్నదే నిజం. ఆ ముఖం నీది కాదు. నేను పెట్టినాను దాన్ని, కంప్యూటర్లో, నేనే. నువ్వు అన్నం తింటా ఉండావు. ఈడ కనబడతాండావు, నీ మూట నీ ఒళ్ళోనే ఉండాది."

కాశన్న, చాలా మెల్లగా, ఆ విసిరి కొట్టిన చీర కూడా కనబడతాందా అమ్మా అని అడిగాడు.

సుధీర్ తల దించుకున్నాడు. కనబడతాందని చెప్పమని చేత్తో సైగ చేశాడు.