అయిదు శాంపిల్ లైన్లు

మా ఆసుపత్రి సెక్యూరిటీ గదిలో నాకు నచ్చని మనుషులకు కొదవ లేదు. ఆ జాబితాలో మొదటి కుర్చీ మాత్రం స్లైడ్ల సారుది. బయటి కంపెనీ నుంచి వచ్చిన కన్సల్టెంటు. ఏది అడిగినా జవాబు స్లైడు మీదే చెబుతాడు. ఆ పేరు పెట్టింది నేనే, గదంతటికీ అలవాటు చేసిందీ నేనే.

గది లిఫ్టు వెనకాల, కింది అంతస్తులో ఉంది. కిటికీ లేదు. ఏసీ నుంచి కారే నీళ్ల కోసం ఒక బకెట్టు ఉంది. ఆసుపత్రిలోని కంప్యూటర్లు, తలుపులు, యంత్రాలు ఎవరు ఎప్పుడు ఏం చేశారో లైను లైనుగా రాసుకుంటాయి. ఆ లాగ్ లైన్లన్నీ సీమ్ అనే ఒక్క చోటికి చేరతాయి. మనిషిని ఒక యంత్రం బ్యాడ్జి అంటుంది, ఇంకోటి యూజర్ అంటుంది, మూడోది ఉద్యోగి నంబరు అంటుంది. అన్నింటినీ విడదీసి ఒకే పేరున్న గడుల్లో సర్దే చిన్న ప్రోగ్రామే పార్సర్. అది సరిగ్గా ఉంటేనే సీమ్ చెప్పేదానికి అర్థం. పదకొండేళ్లుగా నా పని అదే. నాకంటే బాగా రాసేవాళ్లు ఈ భవనంలో లేరు. ఈ మాట అనడానికి నాకు మొహమాటం కూడా లేదు.

మూడు వారాల కిందట వార్డుల్లోని మందుల క్యాబినెట్లను సీమ్‌కి కలిపారు. అవి తాళాలున్న ఇనప అల్మారాలు. నర్సు బ్యాడ్జి చూపించి పిన్ను కొడితేనే సొరుగు తెరుచుకుంటుంది. గట్టి నొప్పి మందులుండే ఏడో సొరుగు అందరికీ ముఖ్యం. ఆ పార్సర్‌ని నాకివ్వకుండా మా మేనేజరు స్లైడ్ల సారుకిచ్చాడు. నాకు ఒళ్లు మండింది.

ఆయన రెండు రోజుల్లో ముగించేశాడు. క్యాబినెట్ కంపెనీ వాళ్ల పుస్తకంలో అచ్చేసిన అయిదు శాంపిల్ లైన్లు పార్సర్‌లో వేశాడు. అయిదూ చక్కగా గడుల్లో కూర్చున్నాయి. "పార్స్ ఫెయిల్యూర్లు సున్నా", అంటే పార్సర్ విడదీయలేకపోయిన లైను ఒక్కటీ లేదని, పచ్చ రంగులో స్లైడు వేశాడు. ఆ అంకెకు మేనేజరు తల ఊపిన తీరు చూసి నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

మా దగ్గర ఒక నియమం ఉంది. ఒకరు రాసింది ఇంకొకరు పక్కన కూర్చుని, నిజమైన లైన్లతో సరిచూసి సంతకం పెట్టాలి. ఆయన కాగితం పట్టుకుని మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చాడు.

"మేడం, ఒక గంట కూర్చుందామా? లైను లైను చూపిస్తాను."

ఆ మనిషి పక్కన గంట! నా క్యారియరు మూత అప్పుడే తీశాను. నిలబడే సంతకం పెట్టి కాగితం ఆయన చేతిలో పడేశాను. ఆయన ముఖం చిన్నబోయింది. నాకు ఆ రోజంతా హాయిగా గడిచింది.

పోయిన సోమవారం అలర్టు వచ్చింది. నాలుగో వార్డులో 2093 నంబరు నర్సు రెండు వారాల్లో ఏడో సొరుగును అందరికంటే ఎక్కువసార్లు తెరిచింది. తనవి కాని రోగుల పేర్ల మీద తెరిచింది. డ్యూటీ దిగి వెళ్లిపోయాక కూడా తెరిచింది. స్లైడ్ల సారు మధ్యాహ్నానికల్లా ఎర్ర రంగు స్లైడు తయారు చేశాడు.

2093 మా పిన్ని. అమ్మకి చెల్లెలు. ఇరవై ఆరేళ్లుగా ఈ ఆసుపత్రిలోనే నర్సు.

ఆమెను ఇంటికి పంపించారు. గురువారం పదకొండింటికి విచారణ అన్నారు. తప్పు చేసిందని తేలితే ఉద్యోగమే కాదు, నర్సుగా ఉన్న రిజిస్ట్రేషన్ కూడా పోతుంది. ఇంకెక్కడా సూది పట్టుకోనివ్వరు.

"మందు తక్కువైందా సార్?" అని మేనేజరును అడిగాను.

"లెక్క సరిపోయింది. అయినా మందు తీసి నీళ్లు నింపి పెట్టిందేమో ఎవరికి తెలుసు?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మీ బంధువు కదా. ఆ కేసు మీరు ముట్టుకోకండి" అన్నాడు.

ఎంత తేలిగ్గా అన్నాడో! నీళ్లట!

ఆ సాయంత్రం పిన్ని ఇంటికి వెళ్లాను. యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది. రేపు వేసుకునే పని లేకపోయినా చేస్తోంది. బాబాయి పక్క గదిలో టీవీ గొంతు తగ్గించి కూర్చున్నాడు.

"నేను ఇంట్లో ఉన్నప్పుడు నా నంబరు మీద సొరుగు ఎలా తెరుచుకుంటుందే?" అంది.

"బ్యాడ్జి ఎవరికైనా ఇచ్చావా?"

"నా మెడలో ఉంటుంది. పిన్ను నా బుర్రలో ఉంటుంది."

"లాగౌట్ చేస్తావా, పని అయ్యాక?"

పిన్ని ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "ఒక చేతిలో సిరంజి, ఒక చేతిలో దూది. అవతల మనిషి నొప్పికి మెలికలు తిరుగుతుంటాడు. బటన్ నొక్కడానికి మూడో చెయ్యి లేదమ్మా నాకు. క్యాబినెట్ స్క్రీను దానంతటదే ఆరిపోతుంది కాసేపటికి."

నాకు అక్కడే ఏదో తట్టింది.

మర్నాడు పొద్దున్నే మేనేజరుతో చెప్పాను. "కేసు ముట్టుకోను సార్. పార్సర్ నా పని. దాన్ని ముట్టుకుంటాను." ఆయనకు తేడా అర్థం కాలేదు. అందుకే సరేనన్నాడు.

సీమ్‌లో ఒక మంచి గుణం ఉంది. పార్సర్ గడుల్లో ఏం సర్దినా, వచ్చిన అసలు లైనును అలాగే పక్కన దాచిపెడుతుంది. 2093 పేరు మీద డ్యూటీ తర్వాత జరిగిన ఒక తెరవడాన్ని తీసి అసలు లైను చూశాను. మొదట్లో user=4417 అని ఉంది. తర్వాత సొరుగు నంబరు, ఫలితం. చిట్టచివర prev_user=2093 అని ఉంది.

పుస్తకంలోని అయిదు శాంపిళ్లలో ఈ తోక లేదు. ముందున్న మనిషి లాగౌట్ చేయకుండా వెళ్లిపోయి, క్యాబినెట్ తనే మూసుకున్నప్పుడు, తర్వాత తెరిచినవాళ్ల లైను చివర ఆ ముందు మనిషి నంబరు చేరుతుంది. మన మహానుభావుడి పార్సర్ ఏం చేస్తుంది? లైను మొత్తం చివరిదాకా మింగేసి, వెనక్కి వస్తూ మొదట దొరికిన "user=" పక్క నంబరును పట్టుకుంటుంది. ఒక్కటే ఉన్నప్పుడు అదే సరైనది. రెండున్నప్పుడు చివరిది పడుతుంది. తెరిచింది ఒకరు, గడిలో పడింది వాళ్ల కంటే ముందొచ్చినవాళ్లు. గడి నిండింది కాబట్టి ఫెయిల్యూర్ సున్నా. తప్పు మనిషితో నిండినా ఆయన పచ్చ స్లైడుకు పచ్చదనం తగ్గదు.

చదివితే చాలదు, చేసి చూడాలి. ఫార్మసిస్టును వెంటబెట్టుకుని నాలుగో వార్డుకు వెళ్లాను. ఆయన బ్యాడ్జితో ఖాళీ సొరుగు తెరిచి, లాగౌట్ చేయకుండా పక్కకు తప్పుకున్నాడు. స్క్రీను ఆరిపోయాక డ్యూటీ నర్సు తెరిచింది. ఎవరు ఏ నిమిషంలో తెరిచారో కాగితం మీద రాసుకున్నాను. కిందికొచ్చి సీమ్‌లో చూస్తే రెండుసార్లూ ఫార్మసిస్టే తెరిచినట్టుంది.

"అంటే నేనూ దొంగనేనా?" అన్నాడాయన.

"స్లైడు వేసేదాకా కాదు" అన్నాను.

పార్సర్‌ని తిరగరాశాను. user అనే మాట విడిగా ఉన్నప్పుడే ఆ నంబరు తీసుకునేలా, ముందు మనిషి నంబరుకు వేరే గడి ఉండేలా చేశాను. ఈసారి పుస్తకంలో లైన్లు కాదు, అన్ని వార్డుల క్యాబినెట్ల నుంచి అన్ని రకాల లైన్లు తెచ్చాను: తెరిచినవి, నిరాకరించినవి, పిన్ను తప్పినవి, ఇంకో నర్సు సాక్షిగా ఉండి తెరిచినవి, మధ్యలో ఆరిపోయినవి. ఒక్కొక్కటీ కంటితో చూశాను. తర్వాత మూడు వారాల అసలు లైన్లను కొత్త పార్సర్ గుండా మళ్లీ పంపాను. డ్యూటీ తర్వాత పిన్ని పేరు మీదున్నవి ఒక్కటి కూడా మిగల్లేదు. తనవి కాని రోగులవీ మిగల్లేదు. అవన్నీ ఆమె తర్వాత సొరుగు తెరిచిన నర్సులు తమ తమ రోగులకు తీసుకున్న మందులు. వాటిని తీసేస్తే ఏడో సొరుగు లెక్కలో పిన్నీ మిగతా నర్సుల్లాగే ఉంది. లాగౌట్ చేయకపోవడమే పిన్ని చేసిన నేరం.

గురువారం విచారణకు కొంచెం గర్వంగానే వెళ్లాను. పొడవాటి బల్లకు అటు మేనేజరు, స్లైడ్ల సారు, నర్సింగ్ సూపరింటెండెంటు. ఇటు పిన్ని ఒక్కతే, ఇస్త్రీ చేసిన యూనిఫాంలో. అసలు లైనూ, వార్డులో రాసుకున్న కాగితమూ, సరిచేసిన లెక్కా ఒకదాని తర్వాత ఒకటి చూపించాను. సూపరింటెండెంటు రెండుసార్లు చదివి కళ్లజోడు తీసింది.

"మీరు దీన్ని అయిదు లైన్లతో పరీక్షించారా?" అని స్లైడ్ల సారును అడిగింది.

నేను ఎదురుచూసిన క్షణం అదే. ఆ ముఖం ఎలా వాడిపోతుందో చూద్దామని కళ్లు అటే పెట్టాను.

ఆయన ఫైల్లోంచి ఒక కాగితం తీసి బల్ల మీద నెమ్మదిగా నా వైపుకు జరిపాడు.

"అవును మేడం. తప్పు నాదే. నాకు ఈ క్యాబినెట్లు కొత్త. అందుకే లైను లైను చూడమని వీరిని అడిగాను. నిజమైన శాంపిళ్లతో సరిచూశానని వీరు సంతకం పెట్టారు."

కాగితం మీద నా సంతకం ఎంత అందంగా ఉందో! కింద ఒక నూనె మరక కూడా ఉంది.

సూపరింటెండెంటు నా వైపు చూసింది. "మీరు చూశారా?"

"లేదు" అన్నాను.

ఎందుకని ఆమె అడగలేదు. అడిగినా, ఆయన మీద అసహ్యంతో అని ఎలా చెప్పను?

పిన్నిని అప్పుడే డ్యూటీలో చేరమన్నారు. నాకు మెమో ఇస్తామన్నారు. స్లైడ్ల సారు తలుపు దగ్గర పిన్నికి క్షమాపణ చెప్పాడు. ఆ పని నాకంటే ముందు ఆయనే చేశాడు.

పిన్నితో పాటు నాలుగో అంతస్తు దాకా మెట్లెక్కాను. లిఫ్టు ఉన్నా ఆమె ఎక్కలేదు. రెండో అంతస్తు మలుపులో ఆగింది.

"ఎనిమిది రోజుల నుంచి పక్క మీదున్న మనిషినైనా సరే, సూది వేసేముందు మీ పేరేంటని అడుగుతాం. ప్రతిసారీ అడుగుతాం. వాళ్లు విసుక్కుంటారు. అయినా అడుగుతాం."

"తెలుసు పిన్నీ."

"ఆ అబ్బాయిని తెలివితక్కువవాడని ఇంటికొచ్చినప్పుడల్లా తిడతావు. వాడికి తెలియక చూడలేదు. తెలియదనే నీ దగ్గరికి వచ్చాడు. నీకు తెలిసీ చూడలేదు."

ఏడుపు వచ్చింది. ఆమె ఓదార్చలేదు. బ్యాడ్జి సరిచేసుకుని వార్డులోకి వెళ్లిపోయింది.

కిందికి వచ్చేసరికి స్లైడ్ల సారు తన బల్ల దగ్గర ఒంటరిగా కూర్చుని తిరగరాసిన పార్సర్ తెరిచి చూస్తున్నాడు. పెదాలు కదుపుతూ ఒక్కో అక్షరమే చదువుతున్నాడు. నా క్యారియరు ఇంకా తెరవలేదు. కుర్చీ లాక్కుని ఆయన పక్కన వేసుకున్నాను.

"మొదటి లైను చదవండి. ఎవరు తెరిచారో చెప్పండి" అన్నాను.