ఎనిమిదో దీపం

"మేడం, ఒక గుండీ ఊడింది," అంది టైలరమ్మ.

డ్రైవింగు మేడం తన జాకెట్టు వైపు చూసుకుంది. గుండీలన్నీ ఉన్నాయి.

"మీది కాదండీ. ఇక్కడ." టైలరమ్మ స్టీరింగు వెనక ఉన్న మీటర్ బోర్డు మీద వేలు పెట్టింది. "మొదటి రోజు తాళం తిప్పితే ఎనిమిది దీపాలు వెలిగాయి. నేను లెక్కపెట్టుకున్నా. ఇవాళ ఏడే. మనిషి కూర్చుని, ముందు బంతి పట్టుకున్నట్టు ఉండేదే, అది రాలేదు."

ముప్ఫై ఏళ్లు బట్టలు కుట్టి, యాభై ఆరో ఏట కారు నేర్చుకోవడానికి వచ్చిన మనిషి టైలరమ్మ. కుట్టు తప్పితే ఆ కంటికి ఆనకుండా పోదు. మేడం మాత్రం ఈ కారులో పదకొండేళ్లుగా పాఠం చెబుతోంది. "తాళం తిప్పగానే దీపాలన్నీ వెలగాలి. బంతి మనిషి దీపం ఓ ఆరు సెకన్లు ఉండి ఆరిపోవాలి. అప్పుడే ఎయిర్‌బ్యాగ్ బాగున్నట్టు. అసలు వెలగకపోయినా, వెలిగి ఆరకపోయినా బండి కదలకూడదు." ఈ ముక్క ఆవిడ నోట కొన్ని వేలసార్లు వచ్చి ఉంటుంది. నోరు చెప్పేది, కళ్లు అద్దంలో వెనక వచ్చే బండిని చూసేవి.

తాళం తీసి మళ్లీ తిప్పించింది. ఏడే. మరోసారి తిప్పించింది. ఏడే.

పోయిన వారం ఆ దీపం వెలిగి ఆరనే లేదు. అప్పుడు ఆవిడే డ్రైవింగు స్కూలు యజమానికి చెప్పింది. యజమాని అంటే పరాయివాడు కాదు, సొంత అక్క మొగుడు. "దానికేముంది, చూపిస్తాలే," అని బావ బండి తీసుకెళ్లి రెండు గంటల్లో తెచ్చాడు. దీపం కనిపించలేదు. బాగైందనుకుని ఆవిడ సంబరపడింది. ఆ సంబరం తలుచుకుంటే ఇప్పుడు తన మీద తనకే ఒళ్లు మండింది.

"టైలరమ్మగారూ, మీరు వెనక్కి వెళ్లి కూర్చోండి. బండి నేను నడుపుతా," అంది.

కార్ల కరెంటు పని చేసే మిస్త్రీ షెడ్డు పక్క వీధిలోనే ఉంది. ఆవిణ్ణి చూడగానే అతని మొహం పాలిపోయింది. మేడం ఏమీ అడగకముందే టేబుల్ సొరుగు లాగి, చిటికెన వేలి గోరంత బల్బు తీసి అరచేతిలో పెట్టాడు.

"మీ బావగారే తీసెయ్యమన్నారమ్మా. లైటు కనబడకూడదు, అంతే అన్నారు. నేను వద్దన్నా."

"వద్దని చెప్పి మరీ తీశావన్నమాట!"

మిస్త్రీ ఆ బల్బును దాని చోట బిగించాడు. తాళం తిప్పితే బంతి మనిషి వెలిగాడు, ఆరలేదు. డాష్‌బోర్డు కింద, బండి లోపాలు చదివే స్కానర్ తగిలించి చూశాడు. పక్క సీటు తాలూకు తప్పు చూపించింది. బ్యాటరీ వైరు ఊడదీసి, కాసేపు ఆగాక సీటు కిందకి టార్చి కొట్టాడు.

"ఈ పసుపు రంగు కనెక్టర్లన్నీ ఎయిర్‌బ్యాగ్‌వేనమ్మా. బ్యాటరీ తీసి ఆగకుండా చెయ్యి పెడితే బ్యాగు మొహం మీదే పేలొచ్చు. చూడండి, ఇది సగం ఊడొచ్చింది. సీటు ముందుకీ వెనక్కీ జరిపీ జరిపీ వైరు లాగేసింది. పైగా దీని మీదకి ఏదో నెట్టారు."

నెట్టింది ఎవరో కాదు. 'ఎల్' అక్షరం రాసిన రేకులు రెండూ రోజూ ఆవిడే సీటు కిందకి తోసేది. ఆవిడ పొట్టి కాబట్టి పాఠం చెప్పేవాళ్ల వైపు ఉండే రెండో బ్రేకు అందడానికి సీటు ముందుకి లాక్కునేది. సాయంత్రం పాఠాలు చెప్పే పొడుగాయన వెనక్కి నెట్టేవాడు. పదకొండేళ్లుగా ఇదే తంతు. అందులో తన తప్పూ ఉందని తెలిసి ఆవిడకి కోపం ఇంకా పెరిగింది.

మిస్త్రీ కనెక్టరు టక్కుమనేదాకా నొక్కి, బ్యాటరీ తగిలించి, స్కానర్‌లో తప్పు చెరిపేసి మళ్లీ చూశాడు. దీపం ఆరలేదు. ఈసారి వేరే తప్పు చూపించింది.

"సీటు లోపల మనిషి కూర్చున్నారో లేదో కనిపెట్టే చాప ఒకటుంటుంది. అదీ చితికిపోయింది. రోజుకి పదిసార్లు ఎక్కి దిగుతారాయె. కొత్తది వెయ్యాల్సిందే. నాకు ఆ రోజే అనుమానం వచ్చి, అది దొరకడానికి పది రోజులు పడుతుందని మీ బావగారికి చెప్పా."

"అయితే ఇన్నాళ్లూ గుద్దుకుని ఉంటే?"

"బెల్టు మామూలుగా ఆపేది. బ్యాగు మాత్రం తెరుచుకుంటుందని చెప్పలేం. దెబ్బ తగలగానే బెల్టుని లాగి బిగించేది కూడా పనిచెయ్యకపోవచ్చు. కొన్ని బళ్లలో ఆ సీటు వరకే పోతుంది, కొన్నిట్లో మొత్తం ఆగిపోతుంది. అందుకే ఆయనకి ఆ రోజే చెప్పా, మీ అమ్మాయిని మాత్రం ఈ బండి ఎక్కించకండని."

మేడం బండిలోంచి తాళం లాగేసుకుంది. పొద్దున బావ అన్న మాట చెవిలో మోగింది. 'రేపట్నుంచి మన చిట్టికి పాఠాలు మొదలెట్టమ్మా. మన రెండో బండి, ఆ తెల్ల కారులో నేర్పు. దాని క్లచ్ మెత్తగా ఉంటుంది.' క్లచ్ అట, మెత్తన అట! తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. బ్రేకేదో క్లచ్చేదో తెలియని వాళ్ల పక్కన రోజుకి పదిసార్లు కూర్చునేది ఎవరు? మరదలు. ఆ సీటుకి కాపలా లేదని తెలిసీ నోరు మెదపనిది ఎవరు? బావ.

స్కూలు ఆఫీసులో బావ ఫోన్లో ఎవరికో అయిదు రోజుల్లో లైసెన్సు అని చెబుతున్నాడు. చిట్టి కిటికీ దగ్గర రోడ్డు గుర్తుల పుస్తకం చదువుకుంటోంది. మేడం కారు తాళం తెచ్చి బల్ల మీద కొట్టింది. ఫోను అవతలివాళ్లకి కూడా వినబడి ఉంటుంది.

"రా బావా, ఒక్క రౌండు వెళ్దాం. టైలరమ్మగారు నడుపుతారు. నువ్వు నా సీట్లో కూర్చో."

"ఇప్పుడెందుకు? పనుంది నాకు."

"అయిదు నిమిషాలు."

"ఆవిడ ఇంకా కొత్త కదా. తెల్ల కారు తీసుకెళ్లండి," అన్నాడు బావ. అన్నాక గానీ తను ఏం అన్నాడో తెలియలేదు.

"దీపం ఆరిపోయింది కదా బావా, ఇంక భయమెందుకు? బల్బు పీకించి బాగు చేయించానని చెప్పావే! నా కళ్లకి గంతలు కట్టి పక్కన కూర్చోబెట్టావే!"

"అబ్బ, అరవకు. నెమ్మదిగా వెళ్లే బళ్లు మనవి. ఏమవుతుంది? చాప దొరకడానికి పది రోజులు పడుతుందన్నాడు. అంతదాకా పాఠాలు ఆపేస్తే ఎలా?"

చిట్టి పుస్తకం మూసింది. "నాన్నా, నన్ను ఆ కారు ఎక్కొద్దన్నావు. పిన్ని రోజూ ఎక్కేది అందులోనే కదా?"

చిట్టి లేచి బల్ల మీది తాళం తీసి పిన్ని చేతిలో పెట్టింది.

కొత్త చాప వచ్చి వేసేదాకా, పది రోజులు ఆ కారు షెడ్డులోనే ఉంది. పదకొండో రోజున తీసుకురావడానికి బావే వెళ్లాడు. ఎవరూ పొమ్మనలేదు. 'ఎల్' రేకులు ఇప్పుడు డిక్కీలో ఉన్నాయి.

టైలరమ్మ స్టీరింగు ముందు సర్దుకుని కూర్చుంది. మేడం పక్క తలుపు తీసి, ఎక్కకుండా బయటే నిలబడింది. టైలరమ్మ తాళం తిప్పింది. పెదాలు కదుపుతూ దీపాలు లెక్కపెట్టింది. ఎనిమిది. బంతి మనిషి మీదే చూపు నిలిపి ఒకటి నుంచి ఆరు దాకా పైకే అంది. ఆ దీపం ఆరింది.

"ఇప్పుడు కూర్చోండి మేడం," అంది.