ఊఁ కొట్టినవాడు

మొగిలి పైపు మూతిని బొటనవేలితో సగం మూసి, నీటిని గోడ మీదికి విసనకర్రలా పరిచాడు. కొత్త సిమెంటు నీళ్ళు తాగే చప్పుడు సన్నగా వినబడింది. గోడ అయ్యాక స్తంభాలు. వాటికి చుట్టిన గోనె సంచులు ఆరిపోకూడదు. స్తంభాలయ్యాక స్లాబు మీద మట్టిగట్లు వేసి కట్టిన మడులు నింపాలి. ఈలోగా మొదటి గోడ ఆరిపోయి ఉంటుంది. పగలంతా ఇదే పని. రాయదుర్గం గుట్టల్ని పేల్చి లేపుతున్న ఆ భవనంలో రేపు కంప్యూటర్ల వాళ్ళు చల్లటి గదుల్లో కూర్చుంటారట. ఆ గోడల్ని పసిపిల్లల్లా తడిపి తడిపి గట్టిపరిచే పని మాత్రం మొగిలిది.

యాభై దాటిన మనిషి. ఎండిన చింతబరిగెలాంటి ఒళ్ళు, నీళ్ళలో నాని తెల్లగా పగిలిన పాదాలు, కుడి బొటనవేలికి గోరు లేదు. పని బాగా చేస్తాడని ఎవరూ మెచ్చుకోలేదు, చేయడని తిట్టనూ లేదు. సైటులో అతనున్నాడని నీళ్ళు రాని రోజున మాత్రమే తెలిసేది.

ఒక్క విషయంలో అతనికి పేరుండేది. అదీ ఇక్కడ కాదు, జనగామ దగ్గర సొంతూళ్ళో. అక్కడ ఒగ్గుకథ మేళంలో మొగిలి వంత. ముందు నిలబడి కథ చెప్పేవాడు వేరు. అతను ఒక మాట చెప్పి ఊపిరి పీల్చుకునే సందులో "ఊఁ" అని అందుకునేవాడు వేరు. చూసేవాళ్ళకి అదేం పని అనిపిస్తుంది. ఊఁ సరైన చోట పడకపోతే కథ కుంటుతుందని ఆ కథకుడికే తెలుసు. ఇరవై ఏళ్ళు ఊఁ కొట్టి కొట్టి, అవతలి మనిషి ఎక్కడ ఆగితే అక్కడ మొగిలి గొంతులోంచి ఆ శబ్దం దానంతటదే వచ్చేది. భార్య కిష్టమ్మ కూరలో ఉప్పెక్కువైందా అని అడిగినా ఊఁ, తక్కువైందా అన్నా ఊఁ. "నీకు పెండ్లాం ఎందుకయ్యా, కత చెప్పేటోడుంటె సాలు" అని ఆమె నవ్వేది.

ఈ ఉదయం కిష్టమ్మ లేదు. రేకుల గుడిసెలో పొయ్యి చల్లగా ఉంది. నిన్న మధ్యాహ్నం ఆమె తమ్ముడు రాములు మూడో అంతస్తు నుంచి పడ్డాడు.

రాములు తాపీ మేస్త్రీ. లింగంపల్లిలో కాపురం, రోజూ పొద్దున్నే వచ్చేవాడు. బయటి గోడకు పూత పూయడానికి సర్వికట్టెల పరంజా ఎక్కాడు. కట్టెల్ని కలిపి కట్టిన కొబ్బరితాడు పుటుక్కున తెగింది. తెగుతుందని మొగిలికి ముందే తెలుసు. గోడ మీద కొట్టే నీళ్ళన్నీ ఆ కట్టు మీదుగానే కారేవి. తడిసి ఎండి, తడిసి ఎండి తాడు నల్లబడిపోయింది. వేలితో నొక్కితే పీచు రాలింది. కాంట్రాక్టరుకి చెప్పాడు కూడా. ఆయన తలూపాడు. తాడు మాత్రం మారలేదు.

రాములు పెద్ద దవాఖానలో ఉన్నాడు. పక్కన కిష్టమ్మ, రాములు భార్య అంజమ్మ. పడేటప్పుడు వాళ్ళిద్దరూ సైటులో లేరు, చూసింది మొగిలి. నిన్న దవాఖాన చీటీ మీద పై నుంచి పడ్డాడని మాత్రం రాశారు. ఎక్కడ పడ్డాడు, ఎందుకు ఎక్కాడు అన్నవి ఇవాళ పోలీసులు అడుగుతారు. అందుకే కాంట్రాక్టరు తన దగ్గరికి వస్తాడని మొగిలికి తెలుసు.

వస్తే ఏం చెప్పాలో కూడా తెలుసు. మొగిలి ఎరిగిన దుర్మార్గులందరూ కథల్లోని వాళ్ళే. నేల అదిరేలా అడుగేస్తారు, మీసం దువ్వుతారు, నేనెవరో తెలుసా అంటారు. కథకుడు ఆ మాటలు అరుస్తుంటే డోలు రెచ్చిపోయేది. దుర్మార్గుడు ఎంత అరిస్తే ఎదుటివాడి జవాబు అంత బాగా అతుకుతుంది. ఈయనా అరుస్తాడు, పని పీకేస్తానంటాడు. అప్పుడు తను, "పీకెయ్యి. నా బామ్మర్ది నీ పనిల పడ్డడు. ఎవలడిగినా అదే చెప్త" అంటాడు. పొద్దుటి నుంచి ఆ మాటే పైపు చప్పుడులో నెమరేసుకుంటున్నాడు.

వెంకటనారాయణ అరవలేదు.

కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాంట్రాక్టులు చేసుకుంటున్న మనిషి. పొట్టిగా, గుడికి వెళ్ళొచ్చినవాడిలా శుభ్రంగా ఉంటాడు. వచ్చి పైపు మూతి కట్టేయించాడు. నీళ్ళ డ్రమ్ము నీడలో మొగిలితో సమానంగా గొంతుక్కూర్చున్నాడు. పక్కనే ఇసుక జల్లిస్తున్న చెన్నమ్మ, ఐలయ్య లేచి వెళ్ళబోతే చేత్తో వారించాడు. దాచుకునే మాట కాదన్నట్టు.

"మొగిలీ, పరంజా కట్టు కుళ్ళిందని నువ్వు నాకు చెప్పావు."

"ఊఁ."

"మార్పిస్తానన్నాను. స్లాబు పని ముందు పెట్టుకుని మార్పించలేదు. తప్పు నాదే."

మొగిలి దాచుకున్న జవాబులో సగం అక్కడికే పనికిరాకుండా పోయింది. తను మోపబోయిన నిందని ఆయనే ముందుగా నెత్తికెత్తుకున్నాడు.

"ఊఁ."

"ఆ తాడు మీద రోజూ నీళ్ళు కొట్టింది నువ్వు. అది నీ తప్పని నేననను. అడిగేవాళ్ళు అడుగుతారు."

"...ఊఁ."

"రాములికి తలలో నెత్తురు గడ్డకట్టింది. వరండాలో చాప మీద ఉన్నాడు. ఇవాళ కోస్తే బతకొచ్చు అంటున్నారు. ప్రైవేటు ఆసుపత్రిలో నాకు తెలిసిన డాక్టరున్నాడు, మాట్లాడాను. వాణ్ణి అక్కడికి తీసుకెళ్ళే కారు గేటు దగ్గరుంది."

"ఊఁ."

"నా పనిలో పడ్డాడని రాశారనుకో, నన్ను స్టేషన్లో కూర్చోబెడతారు. డాక్టరుకి పూచీ పడేవాడు ఉండడు. నన్ను పట్టించడానికి నీకు ఏడాదంతా ఉంది మొగిలీ. వాణ్ణి కారెక్కించడానికి ఇవాళ ఒక్కపూటే ఉంది."

ఇందులో ఒక్క అబద్ధం లేదు. మొగిలి వెతికాడు. నునుపుగా తీర్చిన గోడ మీద చెయ్యి పట్టనట్టు, ఎక్కడా పట్టు దొరకలేదు. బెదిరిస్తే ఎదురు తిరగొచ్చు, ఆశపెడితే ఉమ్మెయ్యొచ్చు. ఈయన రెండూ చెయ్యలేదు. రాములు ప్రాణాన్ని మధ్యలో పెట్టి, నువ్వే చూసుకో అన్నట్టు కూర్చున్నాడు.

"ఊఁ."

"ఎవరడిగినా, వాడు అక్కాబావల్ని చూడ్డానికి చుట్టపుచూపుగా వచ్చాడు. సరదాకి పైకెక్కాడు. అంతే."

అని ఆగాడు. సరిగ్గా కథకుడు ఆగే చోట ఆగాడు.

"ఊఁ" అన్నాడు మొగిలి.

అది ఒప్పుకోలు కాదు. వింటున్నాను, తర్వాత చెప్పు అని మాత్రమే. తర్వాత వస్తుందనుకున్నాడు. ఏ కథలోనైనా దుర్మార్గుడి మాట తర్వాత ఎదుటివాడి మాటకు చోటుంటుంది. వెంకటనారాయణ లేచి పంచెకంటిన ఇసుక దులుపుకుని, "మంచిది" అన్నాడు. చెన్నమ్మ వైపు, ఐలయ్య వైపు ఒక్కోసారి చూసి గేటు వైపు వెళ్ళిపోయాడు. కారు నిజంగానే కదిలింది. దాని వెనక లేచిన ఎర్రదుమ్ముని చూస్తూ మొగిలి నోరు తెరిచే నిలబడ్డాడు.

"అట్ల ఊఁ అన్నవేంది మొగిలన్నా?" అంది చెన్నమ్మ మెల్లిగా.

"నేనేమన్న? ఏమనలే గద."

ఆమె జల్లెడ వైపు తిరిగిపోయింది.

మొగిలి మళ్ళీ పైపు పట్టాడు. గోడలు తడిపాడు, స్తంభాలు తడిపాడు. కారు ఇప్పుడు మెహదీపట్నం దాటుతుంటుంది. ఇప్పుడు చాప మీంచి లేపుతుంటారు. బతకనీ, ముందు వాడు బతకనీ. బతికి కూర్చున్నాక నిజం వాడే చెప్పుకుంటాడు. తన ఊఁ దానికి అడ్డం రాదు. ఇలా అనుకున్నప్పుడల్లా గుండె కాస్త కుదుటపడేది. అయినా సద్ది తినబుద్ధి కాలేదు. దేవుడా, ఈ ఒక్కసారికి, అని తడిచేతులతోనే గుట్ట వైపు మొక్కాడు.

పొద్దు వాలుతుండగా కారు తిరిగొచ్చింది. కిష్టమ్మ దిగింది. ఆమె నడకలోనే మొగిలికి అర్థమైంది.

"కారుల పండబెడుతుంటె పోయిండు" అంది. గొంతులో తడి లేదు. పొద్దుటి నుంచి ఏడ్చి అంతా అయిపోయినట్టుంది. "అంజి అక్కడ్నే పడిపోయింది. శవాన్ని రేపు ఇస్తరట."

మొగిలి పైపు వదిలేశాడు. అది పాములా మెలికలు తిరిగి అతని పాదాల మీదే నీళ్ళు పోసింది.

"దవాఖాన పోలీసులకు ఆ డ్రైవరు చెప్తుంటె విన్న. నా తమ్ముడు సుట్టపుచూపుకొచ్చి ఊకె పైకెక్కిండట. నువ్వే ఒప్పుకున్నవట. నిజమేనా?"

"ఊఁ..." అన్నాడు మొగిలి. అనగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

కిష్టమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. గుడిసెలోకి పోయి బట్టలు మూట కట్టడం మొదలుపెట్టింది.

కానిస్టేబులు వచ్చేసరికి వెంకటనారాయణ పక్కనే ఉన్నాడు. ఆయన కళ్ళు కూడా ఎర్రగానే ఉన్నాయి, అది నటన కాదు. కానిస్టేబులు రాసుకొచ్చింది చదివాడు. "రాములనే అతను తన బావయైన మొగిలిని చూచుటకు వచ్చి..." ఆగాడు.

మొగిలి పళ్ళు బిగబట్టాడు. గొంతు దాకా వచ్చినదాన్ని మింగాడు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఒక మాట ఊఁ లేకుండా గాల్లో ఉండిపోయింది.

"ఊఁ అనవేందయ్యా?"

"అనను సారూ. గది తప్పు. నా బామ్మర్ది పనికొచ్చిండు. రోజొస్తడు. తాడు తెగి పడ్డడు."

వెంకటనారాయణ కోపగించుకోలేదు. "బాధలో ఉన్నాడండి. పొద్దున నిమ్మళంగా ఉన్నప్పుడు మరోలా చెప్పాడు. వీళ్ళ ముందే. కావాలంటే అడగండి."

కానిస్టేబులు చెన్నమ్మ వైపు తిరిగాడు. "ఈయన ఒప్పుకున్నడా అమ్మా?"

చెన్నమ్మ మొగిలిని చూడలేకపోయింది. అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు. "ఊఁ అన్నడు సారూ" అంది. ఐలయ్య కూడా అదే అన్నాడు. అది నిజం కాబట్టి వాళ్ళిద్దరి వేలిముద్రలూ కాగితం మీద పడ్డాయి.

"కాదు సారూ! వినుండ్రి సారూ!" అని మొగిలి వాళ్ళ వెంట గేటు దాకా పరుగెత్తాడు. కథకుడు లేకుండా అతని గొంతు ఇంత పెద్దగా ఎప్పుడూ లేవలేదు. మోటారు సైకిలు వెళ్ళిపోయింది. "పడుకో మొగిలీ. దినాలకి నేనూ వస్తాను" అన్నాడు వెంకటనారాయణ. వస్తాడు కూడా, మాట తప్పే మనిషి కాదు.

చీకటి పడకముందే కిష్టమ్మ మూట నెత్తికెత్తుకుని బయటికొచ్చింది. పోదామా అని అడగలేదు. ఆమె గేటు దాటాక మొగిలి వెనకాలే కదిలాడు. పైపు కట్టేశానా లేదా అని అలవాటుగా ఒకసారి వెనక్కి చూశాడు. చూపు మూడో అంతస్తుకు పోయింది.

అక్కడ కిటికీ దిమ్మె మీద రాములు కలుపుకున్న సిమెంటు తట్ట ఇంకా ఉంది. నిన్నటి నుంచి మొగిలి కొట్టిన నీళ్ళకి సిమెంటు చక్కగా గట్టిపడి రాయి అయిపోయింది. దాని నడుమ, అంజమ్మ పిడికి ఎర్రగుడ్డ చుట్టి ఇచ్చిన తాపీ, ఎవరూ పీకలేనట్టు నిటారుగా దిగబడి ఉంది.