ఫుట్‌వాల్వు తోలు

ఆళ్లగడ్డ పక్క పల్లెలో అబ్రహాము కపిల బానలు కుట్టేవాడు. బావిలోంచి ఎద్దులు పైకి లాగే ఆ పెద్ద తోలు బానకు నీరు కారకుండా తొండం అతికించడంలో అతని తర్వాతే ఎవరైనా అనేవాళ్లు. డెబ్బైల చివర్లో బావుల మీద కరెంటు మోటార్లు కూర్చున్నాయి. రెండు వేసవులు గడిచినా ఒక్క బానా అతని గుమ్మం తొక్కలేదు.

"సున్నిపెంటలో డ్యాం కాడ కూలి ఉందంట. పోతా," అన్నాడొక పొద్దున.

భార్య లూదియా భయపడింది. ఆమె అన్న అట్లాగే డ్యాం పనికని పోయి, మళ్లీ రాలేదు.

ఆ రోజే ఆమె కలుపు తీస్తున్న చేలో రైతు సంజీవయ్య మోటారును తిడుతున్నాడు.

"అరుస్తాంది గానీ నీళ్లెక్కల్యా. పైపు అడుగున ఫుట్‌వాల్వులో తోలు చీకిపోయింది. మోటారాగితే చాలు, పైపులో నీళ్లు మళ్లా బావిలోకే పోతాండాయి."

"తోలు పనికైతే మా ఇంట్లో మనిషి లేడా అన్నా?"

"బాన కుట్టేటోనికి మోటారు సంగతేం తెలుసు మ్మే?"

"మోటారును కుట్టమన్లే. తోలు కోయమంటాండా."

సంజీవయ్య నవ్వి ఒప్పుకున్నాడు.

అలవాటు కొద్దీ అబ్రహాము తొండానికి వాడే మెత్తటి తోలు కోశాడు. పైపులోని నీటి బరువుకు అది ముడుచుకుపోయింది. సంజీవయ్య మొహం చిట్లించాడు. అబ్రహాము ఇంటికెళ్లి, పాత బాన అడుగుభాగం తెచ్చి, మందపాటి బిళ్ల కోసి, చదునుగా కొట్టి బిగించాడు. పైపులో నీళ్లు నిలిచాయి. ఆ రాత్రి లూదియా కడుపునిండా తిన్నది.

సంజీవయ్య ఈ ముచ్చట నంద్యాలలో మోటార్లు బాగుచేసే శాంతయ్యకు చెప్పాడు. నెల తిరక్కముందే కబురొచ్చింది. వాల్వులకు, చేతిపంపులకు తోళ్లు కోసే మనిషి కావాలంట.

"ఈడ కోసి పంపితే కాదా?" అంది లూదియా.

"వాల్వు చూసి కోయాల. రైతులు నిలబడుకోని ఉంటారంట. ఏందీ, పని కావాలన్నదే నువ్వు గదా!" అన్నాడు. చూరులోంచి తోలు కుట్టే ఆరె తీసి సంచిలో వేసుకుని, "సంజీవన్న తోలు చీకితే నేనే వచ్చి మారుస్తాలే," అన్నాడు.

మొదట్లో ప్రతి ఆదివారం ప్రార్థనకు వచ్చేవాడు. ఎండలు ముదిరి మోటార్లన్నీ మూలుగుతుంటే ఆదివారాలు కూడా నంద్యాలవే అయ్యాయి. ప్రార్థన గుడిలో మగవాళ్ల వైపు అతను కూర్చునే చోటు చూడకుండా ఉండటం లూదియా నేర్చుకుంది.

ఒకటి మాత్రం మానలేకపోయింది. కరెంటు పోయినప్పుడల్లా కలుపు వదిలి బావి దగ్గరికొచ్చి నిలబడేది. ఆ తోలు ఈసారైనా నీళ్లు వదిలేస్తుందేమోనని చూసేది.

ఈ రోజూ నిలబడింది. కరెంటొచ్చింది. సంజీవయ్య స్విచ్చి వేశాడు. మోటారు అందుకోగానే గొట్టం మూతి నిండా నీళ్లు దూకాయి.

"మీ ఆయన చెయ్యి గట్టిది మ్మే! ఇంకో రెండేండ్లు దీని పక్క చూడాల్సిన పన్లే."

"ఊ" అంది లూదియా. చెంగు నోటికడ్డం పెట్టుకుని కలుపు వైపు తిరిగింది.