నలభై ఒక్క మంది అడిగిన ప్రశ్న

మా మామయ్య వెంకటనారాయణ గారి నోట ‘లేదు’ అన్న మాట వినాలంటే పెట్టిపుట్టాలి. పటాన్‌చెరులో మా పంపుల దుకాణం ఆయన తండ్రి పెట్టింది. కౌంటర్ మీద కూర్చున్నవాడు లేదు, కాదు, వద్దు అనకూడదని ఆ ఇంటి పద్ధతి. సరుకు నిండుకుంటే “రేపొస్తది” అంటారు. పనికిరాని సామాను గురించి అడిగితే “మంచిగనే ఉంటది, తీస్కపోండ్రి” అంటారు. ఎదురుగా నిలబడ్డ మనిషితో ఇది కొంత నడుస్తుంది. అతను మొహం చూసి సగం నమ్ముతాడు, సగం వదిలేస్తాడు. వెబ్‌సైట్‌కు మొహం ఉండదు కదా! ఈ ముక్క ఆయనకు ఎక్కించలేక నా తల ప్రాణం తోకకొచ్చింది.

నేను ఈ ఇంటి కోడలిని, స్నేహలతను. మందు కొట్టే బ్యాటరీ పంపును ఆన్‌లైన్‌లో పెట్టింది నేనే. ఫోటోలు తీశాను, కొలతలు రాశాను. అంతే, ఆ పేజీ నుంచి మెసేజులు మొదలయ్యాయి. అడిగిందే అడగడం. పొద్దున బియ్యం కడుగుతుంటే ఒకటి, పిల్లకు జడ వేస్తుంటే ఇంకొకటి. ఒకరికి చెప్పిన జవాబే పదిమందికి చెప్పి విసిగిపోయి, పేజీ చివర ప్రశ్నలు, జవాబులు పెడదామని కూర్చున్నాను.

సొంతంగా ప్రశ్నలు కల్పించడం నాకు ఇష్టం లేదు. “మీ పంపు ఎందుకు అంత బాగుంటుంది?” అని ఏ రైతూ అడగడు. అందుకని ఏడాది మెసేజులన్నీ తిరగేసి నోట్‌బుక్‌లో దింపాను. మూడు వందల పైచిలుకు ఉన్నాయి. ఒకే సంగతి తలా ఒక రకంగా అడిగినవాటిని ఒకచోట చేర్చి, అడిగినవాళ్ల ఫోన్ నంబర్లు పక్కన రాసి ఎందరో లెక్కపెట్టాను. చివరికి పదకొండు ప్రశ్నలు తేలాయి. పేజీలో పెట్టడానికి ఒక్కో గుంపులోంచి సూటిగా ఉన్న మెసేజు ఒకటి ఎంచుకుని, పేరు, నంబరు తీసేసి, అడిగినవాళ్ల మాటల్లోనే ఉంచాను. జవాబులు నోటికొచ్చినట్టు రాయలేదు. ట్యాంకు నిండా నీళ్లు పోసి తూకం వేశాను. బ్యాటరీ ఎంతసేపు నడుస్తుందో వాకిట్లో పంపు పట్టుకుని నిలబడి చూశాను. వీధిలో నన్ను చూసి నవ్వినవాళ్లు నవ్వారు.

అన్నిటికంటే ఎక్కువమంది, నలభై ఒక్క మంది, అడిగింది ఇది: “మక్కల గడ్డిమందు కొట్టిన పంపుతోనే పత్తికి పురుగుమందు కొట్టొచ్చా? కడిగితే సరిపోతదా?”

దీనికి మొక్కజొన్న చేలో కలుపు చంపే ఆ గడ్డిమందు డబ్బా మీది అక్షరాలు చదివాను, వ్యవసాయ విస్తరణ అధికారికి ఫోన్ చేశాను. జవాబు రాశాను: “వద్దు. ఎంత కడిగినా ట్యాంకు గోడలకు, పైపులకు కొంత మందు అంటుకునే ఉంటుంది. పత్తి పాడవడానికి ఆ కొంచెమే చాలు. గడ్డిమందుకు వేరే పంపు పెట్టుకోండి.” ఎక్కువమంది అడిగింది కాబట్టి దీన్నే మొదట పెట్టాను.

మామయ్య నోట్‌బుక్ చదివి మూతి ముడిచారు.

“గిదేంది బిడ్డా, మొదటి మాటనే వద్దు అని రాసినవ్?”

“నిజమే కద మామయ్యా.”

“నిజమే. గని ఒక్క పంపు కొననీకి వచ్చినోన్ని రెండు కొనుమంటే, ఒక్కటి గూడ కొనడు. నువ్వు నోట్‌బుక్ ఈడ పెట్టు. నేను జెర సరిజేసి ఎక్కిస్త.”

వెబ్‌సైట్ పాస్‌వర్డ్ రాసిన కాగితం ఆయన దగ్గరే ఉంటుంది, నేను ఏది పెట్టాలన్నా ఆయనే తెరిచివ్వాలి. వాదించాను. విన్నట్టే తల ఊపారు. సాయంత్రం “ఎక్కించిన” అన్నారు. నాకు వంట పని ఉంది, పిల్ల ఏడుస్తోంది. పేజీ తెరిచి ఒక్కసారి చదవకుండానే, ప్రశ్నలు అడిగినవాళ్లందరికీ “మీ ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది” అని లింక్ పంపేశాను. ఆ తెలివితక్కువ పని నాదే. దాన్ని ఎవరి మీదకూ తోయలేను.

మూడు వారాల తర్వాత, ఒక సోమవారం పొద్దున, హత్నూర నుంచి దశరథ్ అనే రైతు వచ్చాడు. అతని చేతిలో ప్లాస్టిక్ సంచి ఉంది. అందులోంచి పత్తి కొమ్మ తీసి కౌంటర్ మీద పెట్టాడు. ఆకులు పత్తి ఆకుల్లా లేవు. సన్నగా చీలి, సాగి, ముడుచుకుని ఉన్నాయి.

“రెండెకరాలు గిట్లనే అయింది సేటూ,” అన్నాడు. గొంతు పెంచలేదు. అరిచినా బాగుండేది.

“గడ్డిమందు పంపుతోని కొట్టినవా అన్నా?” అని అడిగాను.

“కొట్టిన. మీరే కొట్టుమన్నరు గద అక్కా.”

ఫోన్ తీసి చూపించాడు. మా పేజీయే. ప్రశ్న నేను దింపింది దింపినట్టే ఉంది. కింద జవాబు మాత్రం ఇలా ఉంది: “తప్పకుండా కొట్టవచ్చు. రెండు మూడుసార్లు శుభ్రంగా కడుక్కుంటే అన్ని పంటలకూ మా పంపు పనికొస్తుంది.”

“ఈ ప్రశ్న ఎవలిదో కాదు, నాదే,” అన్నాడు దశరథ్. “జూన్ల మీకు నేనే మెసేజ్ పెట్టిన. పేరు తీసేసిండ్రు గని మాటలు నావే. నా ముచ్చటనే పెట్టి జవాబిచ్చిండ్రు గదా అని నమ్మిన. మూడుసార్లు గాదు, ఐదుసార్లు కడిగిన.”

నాకు ఒళ్లు మండిపోయింది. వాళ్ల మాటల్లో ఉంచితే నమ్ముతారని ముచ్చటపడి చేసిన పని అది. నమ్మారు. నా నోట్‌బుక్‌లో సరైన జవాబు ఉంది. అది ఎవరికి పనికొచ్చింది?

“తేరుకుంటదా సేటూ పత్తి?” అని అడిగాడు దశరథ్.

“ఎందుకు తేరుకోదు, మంచిగ తేరుకుంటది,” అనేశారు మామయ్య. ఆలోచించి అన్నది కాదు, ఇన్నేళ్ల అలవాటు నోట్లోంచి జారింది.

“మామయ్యా!” అని అరిచాను. దుకాణంలో ఆయన మీద గొంతెత్తడం అదే మొదటిసారి. “ఇంకా గదేనా? అన్నా, మాకు తెల్వదు. కొత్త చిగురు మంచిగొస్తే కొంత తేరుకోవచ్చు. పోయిన కాత మాత్రం రాదు. ఇయ్యాల్నే వ్యవసాయ ఆఫీసరును చేన్లకు తీస్కపో. తప్పు మాది. కావాలంటే రాసిస్తం.”

మామయ్య పాస్‌వర్డ్ కాగితం తీసి నా ముందు పెట్టారు. దశరథ్ చూస్తుండగానే పాత జవాబు తీసేసి నాది పెట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. పేజీ మారింది, అప్పటికే చదివి వెళ్లినవాళ్ల బుర్రలోది మారదు కదా. దశరథ్ కొమ్మను మళ్లీ సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

నోట్‌బుక్‌లో ఆ ప్రశ్న పక్కన మిగిలిన నలభై నంబర్లున్నాయి. నేను ఫోన్ తీయబోతే మామయ్య లాక్కున్నారు.

“నేను రాసింది నేనే చెప్త.”

మొదటి ఫోన్‌లో ఆ మాట ఆయన నోట రావడానికి చాలాసేపు పట్టింది. బాగున్నారా, వానలెట్లున్నయి, పంపు మంచిగ నడుస్తుందా అని డొంకతిరుగుడంతా తిరిగి, చివరికి “గడ్డిమందు పంపుతోని పత్తికి కొట్టొద్దు, మేము తప్పు రాసినం” అన్నారు. అటువైపు మనిషికి పత్తే లేదట. రెండో అతను ఇంకా కొట్టలేదన్నాడు. మూడు, నాలుగు కూడా గట్టెక్కాయి. మాట కాస్త తేలికపడ్డట్టు ఐదో నంబరుకు డొంకతిరుగుడు మానేసి సూటిగా చెప్పారు. తర్వాత వింటూ ఉండిపోయారు.

“ఏమన్నడు మామయ్యా?”

ఫోన్ చెవి దగ్గర నుంచి తీయలేదు.

“మొన్ననే కొట్టిండట. ఏం గాదు గద సేటూ అని అడుగుతున్నడు.”