మనవాళ్ళంతా రండీ

తెలుగు టీచరు ప్రసూతి సెలవులో ఉండటంతో వార్షికోత్సవ స్వాగత గీతం లెక్కల మాస్టారి నెత్తిన పడింది. ఎవరిదో వీడ్కోలు సభలో ఒకసారి నాలుగు ప్రాసలు చదివిన పాపం అది. హెడ్మాస్టరు ఒక కాగితం చేతిలో పెట్టారు. అందులో అతిథుల పదవులు తప్ప ఏమీ లేవు.

బాణీ ముందే సిద్ధం. సంగీతం టీచరు హార్మోనియం మీద వాయించి, లైనుకి పదహారు మాత్రలనీ, ఎనిమిదో మాత్ర దగ్గర పిల్లలు ఊపిరి తీసుకుంటారనీ చెప్పింది. మాస్టారు వేళ్ళ మీద లఘువులూ గురువులూ లెక్కేసి, "అతిథికి సుస్వాగతమిదిగో మా" అని మొదలుపెట్టారు. సరిగ్గా పదహారు. పిల్లలు మాత్రం "అతిథికి సుస్వా" అని ఆగి, ఊపిరి పీల్చుకుని, "గతమిదిగో మా" అన్నారు. ఎక్కడ తప్పిందో మాస్టారికి అర్థం కాలేదు.

"లెక్క సరిపోయింది కదమ్మా?"

"లెక్క సరిపోయింది సార్, మాట విరిగింది. ఊపిరి ఆగేచోటే మాట కూడా పూర్తవ్వాలి," అందామె.

కొట్టేసి "రండీ రండీ, మా బడిలోకీ" అని రాశారు. అది నోట్లో బెల్లంముక్కలా కరిగింది.

అంతలో ముందువరస పిల్ల పాటలో అమ్మానాన్నలు లేరేమని అడిగింది. నిజమే. మాస్టారు రెండో చరణానికి "అమ్మా నాన్నా" అన్నారు. తనకు పిన్ని వస్తుందని ఒకడు, తాతయ్య వస్తాడని మరొకతె. అందర్నీ ఇరికిస్తే మాత్రలు మిగలవు. "మావారంతా" అని మార్చారు. సంగీతం టీచరు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. అది పెళ్ళాం మొగుడి గురించి చెప్పే మాటని తట్టడానికి ఆయనకు కాసేపు పట్టింది. చివరికి "మనవాళ్ళంతా రండీ రండీ" దగ్గర కుదిరింది.

వార్షికోత్సవం రోజు తెర లేచింది. ముఖ్య అతిథి గేటు దగ్గర ఫోను మాట్లాడుతూ ఆగిపోయారు. అతిథి కూర్చునేదాకా పాట ఆపకూడదన్నది నియమం కాబట్టి, సంగీతం టీచరు రెండో చరణాన్నే తిప్పి తిప్పి పాడించింది. హాలు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ తల్లిదండ్రులు మొదట అటూ ఇటూ చూశారు. నాలుగోసారి "రండీ" అనగానే పనిబట్టలతోనే వచ్చిన ఒకావిడ, తమనే పిలుస్తున్నారనుకుని, ముందుకొచ్చి అతిథుల సోఫాలో కూర్చుంది. ఆమె వెనక తక్కినవాళ్ళూ. క్షణాల్లో ముందు వరసలు నిండిపోయాయి.

లేవమనాలా, పాట ఆపించాలా, మాస్టారికి పాలుపోలేదు. ముఖ్య అతిథి వచ్చి, చోటు కనబడక తికమకపడి, ఆవిడ పక్కకు జరిగి చూపిన సోఫా చివర సర్దుకున్నారు. మీ పాప ఎవరమ్మా అని అడిగితే ఆమె వేలితో చూపించింది.

హెడ్మాస్టరు మాస్టారి చెవిలో, వచ్చే ఏడూ మీరే రాయాలి అన్నారు. అది మెప్పో, శిక్షో ఆయన మొహంలో తెలియలేదు. మాస్టారు అలాగేనండీ అన్నారు.